ఫేలిక్సు బల్ల మీద ఆగిన ఫైలు

(ఒక మండల కేంద్రంలోని సంఘంలో ఆదివారం ఆరాధన వేళ కాపరి చేసిన ప్రసంగానికి రాత రూపం.)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, చాపలు ఖాళీగానే ఉన్నాయి.

ఈరోజు అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయం తీయండి. ఇది మనం ఎక్కువగా చదివే అధ్యాయం కాదు. ఇందులో అద్భుతం లేదు, స్వస్థత లేదు, చెరసాల తలుపులు తెరుచుకోవడం లేదు. ఒక ఆఫీసరు, ఒక ఖైదీ, రెండేళ్ళు కదలని ఒక ఫైలు. అంతే. కానీ మన ఊళ్ళో ఏదో ఒక కాగితం కోసం తిరిగినవాళ్ళు దీన్ని చదివితే, ఇది నా కథే కదా అనుకుంటారు.

ముందు కథ చెప్తాను. యెరూషలేములో పౌలు మీద జనం పడి కొడుతుంటే అక్కడి సైన్యాధికారి లూసియ వచ్చి ఆయన్ని పట్టుకున్నాడు. తర్వాత పౌలుని చంపుతామని కొందరు ఒట్టు పెట్టుకున్నారని తెలిసి, రాత్రికి రాత్రే కైసరయకు పంపించాడు. 200 మంది సైనికులు, 70 మంది గుర్రపు రౌతులు, 200 మంది ఈటెలవాళ్ళు. ఒక్క ఖైదీకి 470 మంది కాపలా! పంపించేటప్పుడు ఒక చీటీ కూడా రాశాడు, ఇతని మీద మరణానికి గాని సంకెళ్ళకు గాని తగిన నేరం ఏదీ కనపడలేదు అని. అంటే కింది ఆఫీసు నుంచి రిపోర్టు అనుకూలంగానే వచ్చింది. గుర్తుపెట్టుకోండి.

కైసరయలో గవర్నరు ఫేలిక్సు. ఐదు రోజులకు ప్రధాన యాజకుడు లాయరుని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ లాయరు తెర్తుల్లు మొదలుపెట్టడమే పొగడ్తతో మొదలుపెట్టాడు. అయ్యా, తమరి వల్లే మేము ఇంత నెమ్మదిగా బతుకుతున్నాము, తమరి ముందుచూపు వల్లే ఈ దేశం బాగుపడింది అని. మన దగ్గర కొత్త ఆఫీసరు వచ్చిన రోజున శాలువా, బొకే పట్టుకుని గది బయట నిలబడేవాళ్ళు గుర్తొస్తున్నారా? వాళ్ళకు ఆద్యుడు తెర్తుల్లే. (నవ్వులు)

పౌలు శాలువా కప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఒక మాట అన్నాడు, చాలా ఏళ్ళ తర్వాత నా జనులకు దానధర్మాలు, కానుకలు తెచ్చాను అని. ఫేలిక్సు చెవి అక్కడ నిక్కబొడుచుకుందని నా అనుమానం. ఓహో, ఇతని చేతిలో డబ్బు ఆడుతుందన్నమాట. వెనక సంఘాలు ఉన్నాయి. అడిగితే పోగుచేసే మనుషులున్నారు.

ఇప్పుడు 22వ వచనం చూడండి. ఆ మార్గం గురించి, అంటే యేసును నమ్మినవాళ్ళ దారి గురించి, ఫేలిక్సుకు బాగానే తెలుసని రాసి ఉంది. కేసు అర్థంకాక ఆపలేదు. కింది నుంచి వచ్చిన రిపోర్టు బల్ల మీదే ఉంది. అయినా ఏమన్నాడు? లూసియ వచ్చాక చూద్దాం అన్నాడు. లూసియ వచ్చాడని మళ్ళీ ఎక్కడైనా ఉందా? నేను వెతికాను, లేదు. పిలిపించినట్టు కూడా లేదు. మన ఆఫీసుల్లో "ఆర్‌ఐ గారు ఫీల్డ్‌కి వెళ్ళారు, రానీ" అంటారే, అదే ఇది.

తర్వాత భార్య ద్రుసిల్లతో కలిసి పౌలుని పిలిపించి విన్నాడు. నీతి గురించి, నిగ్రహం గురించి, రాబోయే తీర్పు గురించి పౌలు మాట్లాడితే భయపడ్డాడు. భయపడి, ఇప్పుడు వెళ్ళు, తీరిక ఉన్నప్పుడు పిలుస్తాను అన్నాడు. 26వ వచనంలో అసలు సంగతి బయటపడుతుంది. పౌలు తనకు డబ్బు ఇస్తాడని ఆశపడ్డాడు, అందుకే మాటిమాటికీ పిలిపించి మాట్లాడేవాడు. 27వ వచనంలో రెండేళ్ళు గడిచిపోయాయి.

ఒకటి గమనించండి. లేఖనంలో ఫేలిక్సు నోరు తెరిచి డబ్బు అడిగినట్టు లేదు. మాటిమాటికీ పిలిచేవాడు. కూర్చోబెట్టేవాడు. మర్యాదగా మాట్లాడేవాడు. తర్వాత పంపించేవాడు. ఒక్కసారి కూడా "ఇంత ఇవ్వు" అనకుండానే రెండేళ్ళు అడుగుతూనే ఉన్నాడు. లంచం అడగడంలో ఇదే అసలు పనితనం. ఫైలు మీద "తిరస్కరించడమైనది" అని రాస్తే మనం పైకి అప్పీలుకు వెళ్తాం. మంజూరు చేస్తే ఇంటికెళ్తాం. ఆ రెండూ చేయకుండా మధ్యలో పెడితే అప్పుడు తిరుగుతాం. ఆఫీసుకి బస్సు చార్జీ, పోయిన రోజు కూలి, అక్కడ నిలబడ్డ అవమానం, ఇవన్నీ కలిపి మనమే లెక్క వేసుకుంటాం, వెయ్యి ఇచ్చేస్తే పోతుంది కదా అని. అంటే ధర ఆయన చెప్పలేదు, మన చేతే చెప్పించాడు. ఆయన అమ్మేది సర్టిఫికెట్ కాదమ్మా. సర్టిఫికెట్ ఎలాగూ మనదే. ఆయన అమ్మేది ఆలస్యం. ముందు ఆలస్యాన్ని తయారుచేసి, తర్వాత దాన్ని తీసేయడానికి డబ్బు తీసుకుంటాడు.

దీనికి మన భాషలో ఎంత చక్కటి పేరు పెట్టుకున్నామో చూడండి. "మామూలు" అంటాం. మామూలు అంటే రోజూ ఉండేది, వింత లేనిది. ఎలా ఉన్నారండీ అంటే మామూలే అంటాం. అదే మాటతో లంచాన్ని కూడా పిలుస్తున్నాం. చేతులు తడపడం అని ఇంకో మాట ఉంది, అందులోనైనా కాస్త తేమ ఉంది, మామూలులో ఆ సిగ్గు కూడా ఎండిపోయింది.

రోములో చట్టం లేక ఫేలిక్సు ఇలా చేశాడనుకోకండి. ఆయనకు వంద ఏళ్ళకు పైగా ముందే, క్రీ.పూ. 59లో, జూలియస్ సీజరు పరిపాలకులు డబ్బు గుంజకూడదని గట్టి చట్టం చేయించాడు. చట్టం ఉంది, ఫేలిక్సుకు తెలుసు. అయినా ధైర్యం ఏమిటంటే, ఆయన అన్న పల్లాసు చక్రవర్తి దగ్గర పెద్ద స్థానంలో ఉండేవాడు. ఆ నమ్మకం వమ్ము కాలేదు కూడా. పదవి పోయాక కైసరయలోని యూదులు రోముకు వెళ్ళి ఫేలిక్సు మీద ఫిర్యాదు చేస్తే, అన్న మాట సాయంతో శిక్ష లేకుండా బయటపడ్డాడని యూదుల చరిత్ర రాసిన జోసీఫసు చెప్తున్నాడు. రికమండేషన్ అనేది మన దగ్గర పుట్టిన జబ్బేం కాదు.

మనకూ చట్టం ఉంది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం, 2018లో దాన్ని సవరించారు. ఆ సవరణలో ఒక ఉదాహరణ ఇచ్చారు, నాకు చదివినప్పుడు నవ్వూ బాధా రెండూ వచ్చాయి. ఒక ఉద్యోగి, రేషన్ కార్డు దరఖాస్తును సకాలంలో చూడటానికి 5,000 రూపాయలు అడిగితే అతను నేరస్థుడే అని. ఢిల్లీలో కూర్చుని చట్టం రాసినవాళ్ళకు కూడా ఉదాహరణ అంటే రేషన్ కార్డే గుర్తొచ్చింది. ఆ ఉదాహరణలో ఉన్న సంగతి ఏమిటంటే, ఆ ఉద్యోగి తప్పుడు కార్డు ఏమీ ఇవ్వడం లేదు. అర్హత ఉన్నవాడికే, ఇవ్వాల్సిన కార్డే, ఇవ్వాల్సిన గడువులోనే ఇస్తున్నాడు. అయినా డబ్బు అడిగితే నేరమే. "నేనేమైనా తప్పుడు పని చేశానా, చేసేదే కాస్త తొందరగా చేశాను" అనే మాటకు చట్టంలో చోటు లేదు.

ఇప్పుడు మన సంఘంలో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. ఆ సోదరి అనుమతి తీసుకునే చెప్తున్నాను, పేరు చెప్పను. ఆమె భర్త ఇంట్లోనే చనిపోయాడు. ఆస్పత్రిలో చనిపోతే వాళ్ళే వివరాలు పంపిస్తారు. ఇంట్లో జరిగితే ఇంటివాళ్ళే చెప్పాలి. ఈ ఇల్లాలికి ఆ సంగతి తెలియదు, దుఃఖంలో ఎవరూ చెప్పలేదు. సమాధి చేసే రోజు నేనూ అక్కడే ఉన్నాను, నాకూ తట్టలేదు. నాలుగు నెలలు గడిచాక బ్యాంకులో డబ్బు తీయడానికి వెళ్తే మరణ ధ్రువపత్రం అడిగారు.

ఆఫీసు బయట ఒకాయన ఎదురయ్యాడు. అమ్మా, టైము దాటిపోయింది, ఇప్పుడు మేజిస్ట్రేటు ఆర్డరు తేవాలి, లాయరు ఖర్చే పదివేలవుతుంది, నాకు నాలుగు వేలిస్తే లోపల మాట్లాడి చేయిస్తాను అన్నాడు. ఆమె చెవిదిద్దులు తాకట్టు పెట్టడానికి వెళ్తూ దారిలో మా ఇంటికొచ్చింది.

ఇక్కడ నిజం ఎంత, అబద్ధం ఎంతో చూడండి. జనన మరణాల నమోదుకు 1969 నాటి చట్టం ఉంది. 21 రోజుల్లోపు చెప్తే నమోదుకు రుసుమే లేదు. 21 దాటి 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుము కట్టాలి. 30 రోజులు దాటి ఏడాది లోపు అయితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితేనే మేజిస్ట్రేటు ఉత్తర్వు. ఈమెకు నాలుగు నెలలే అయింది. మేజిస్ట్రేటు దాకా వెళ్ళే పనే లేదు. ఆ మనిషి చెప్పిన నియమం నిజంగానే ఉంది, కానీ అది ఈమెకు వర్తించేది కాదు. బ్రోకర్లు పూర్తి అబద్ధం చెప్పరు. పక్క గడిలో ఉన్న నిజాన్ని తెచ్చి మన గడిలో పెడతారు. దాన్ని ఎలా కనిపెట్టాలి? "ఆ రూలు ఎక్కడుందో కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి" అని అడగండి. నిజమైన అభ్యంతరం అయితే రాసిస్తారు. డబ్బు కోసం చెప్పిన అభ్యంతరం నోటి మీదే ఉంటుంది, కాగితం మీదకు దిగదు.

మేం ఏం చేశామంటే, ఆమె చేత దరఖాస్తు రాయించి, చనిపోయిన తేదీ, స్థలం, ఆలస్యానికి కారణం వివరంగా పెట్టించి, ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళ సంతకాలు జతచేసి ఇచ్చాం. ఇచ్చినట్టు రసీదు తీసుకున్నాం. రసీదు అడిగితే అక్కడ కొంచెం చిరాకు పడ్డారు, పర్వాలేదు. మూడు వారాలు ఏమీ జరగలేదు. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టాం. రుసుము పది రూపాయలు మించదు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్ళకు అది కూడా లేదు. అందులో ఎందుకు చేయలేదు, ఇది న్యాయమా అని ఏమీ గొడవ పెట్టుకోలేదు. మూడే అడిగాం. ఫలానా నంబరు దరఖాస్తు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఎవరి దగ్గర ఉంది, ఆ అధికారి హోదా ఏమిటి? దాని మీద ఇప్పటిదాకా రాసిన నోట్ల నకలు. ఇలాంటి దరఖాస్తు పరిష్కరించడానికి పెట్టుకున్న గడువు ఎంత? అంతే. 30 రోజుల్లో జవాబివ్వాలి. పదకొండో రోజున ఫోన్ వచ్చింది, అమ్మా, మీ సర్టిఫికెట్ రెడీ అని.

ఆ మూడు ప్రశ్నల బలం ఎక్కడుందంటే, ఆలస్యానికి యజమాని ఎవరో కాగితం మీద పెట్టమని అడగడంలో ఉంది. పేరు లేనంత కాలమే ఆలస్యం అమ్ముడుపోతుంది.

ఇది ప్రతిసారీ పనిచేస్తుందని చెప్పను. ఇంకో సోదరుడు భూమి కొలతల విషయంలో ఇలాగే చేశాడు. "పరిశీలనలో ఉంది" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. పైకి అప్పీలు చేశాడు. ఏడు నెలలు పట్టింది. ఈలోపు ఆ ఏటి పంట రుణం దాటిపోయి, వడ్డీకి బయట తెచ్చుకున్నాడు. లంచం ఇచ్చి ఉంటే వారంలో అయిపోయేది, ఆయనకూ తెలుసు. నష్టపోయాడు. నీతిగా ఉంటే నష్టం రాదు అని నేను ఈ పుల్పిట్ మీద నుంచి చెప్పలేను, లేఖనం కూడా అలా చెప్పడం లేదు. పౌలుకు ఏమైంది? రెండేళ్ళు పోయాయి. ఆయన వయసులో రెండేళ్ళంటే చిన్నవి కావు.

పైగా పౌలుకు డబ్బు దొరకదా? కైసరయలోనే ఫిలిప్పు ఇల్లుంది, అదివరకు పౌలు దిగింది అక్కడే. స్నేహితులు వచ్చి చూసుకోవచ్చని ఫేలిక్సే ఆజ్ఞ ఇచ్చాడు. అది దయ కూడా కావచ్చు. కానీ డబ్బు లోపలికి రావడానికి తలుపు తెరిచిపెట్టినట్టూ ఉంది కదా! వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు అనకుండా ఉంటారా? అయ్యగారూ, మీరు బయటుంటే ఎన్ని సంఘాలు లేస్తాయి, దేవుని పని ఆగిపోతోంది, ఈ ఒక్కసారికి ఏదో చూసి ఇచ్చేద్దాం అని. ఇది లేఖనంలో లేదు, నేను ఊహిస్తున్నాను. ఎందుకు ఊహించగలుగుతున్నానంటే, ఆ మాట అన్నవాడిని నేనే.

2021లో ఈ గుడికి కొత్త కరెంటు మీటరు పెట్టించాం. గుర్తుందా, రెండు నెలలు పక్కింటి నుంచి వైరు లాక్కున్నాం. రుసుము కట్టాం, రసీదు ఉంది. మీటరు మాత్రం రాలేదు. స్టాకు లేదు అన్నారు. తర్వాత మనిషి లేడు అన్నారు. క్రిస్మస్ దగ్గరపడుతోంది, నాకు టెన్షన్. కమిటీలో ఒకరు మూడు వేలిస్తే రేపే వస్తుందట అన్నారు. దేవుని పని ఆగకూడదు కదా, ఇచ్చేయండి అన్నాను. మర్నాడు మీటరు వచ్చింది. ప్రభువుకు స్తోత్రం అని ప్రకటన కూడా చేశాను ఇక్కడ నిలబడి.

అంతటితో అయిపోలేదు. లెక్కల పుస్తకంలో రాయాలి కదా. లంచం అని రాయలేం. "రవాణా ఖర్చులు – 3,000" అని రాయించి నేను సంతకం పెట్టాను. మీరు చిల్లర పోగుచేసి కానుక పెట్టెలో వేసిన డబ్బు అది. ఒక తప్పు దాచడానికి ఇంకో తప్పు కాగితం పుట్టింది. ఆ పుస్తకం బీరువాలో ఇంకా ఉంది.

చట్టం ప్రకారం లంచం ఇవ్వడం కూడా నేరమే, ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. బలవంతం మీద ఇచ్చినవాళ్ళకు మాత్రం ఒక దారి ఉంచారు. ఇచ్చిన ఏడు రోజుల్లోపు పోలీసులకో, దర్యాప్తు సంస్థకో చెప్పాలి. నాకు ఆ ఏడు రోజులు ఎప్పుడో దాటిపోయాయి. కాబట్టి మీ ముందు నిలబడింది బాధితుడు కాదు.

ఈ లెక్కల పుస్తకం సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు లూసియ రాసిన చీటీ గుర్తొస్తుంది. 23వ అధ్యాయంలో ఉంది, చూడండి. ఇతడు రోమీయుడని తెలిసి, నేను సైన్యంతో వెళ్ళి విడిపించాను అని గవర్నరుకు రాశాడు. కానీ 21, 22 అధ్యాయాల్లో జరిగిందేమిటి? ముందు పట్టుకుని సంకెళ్ళు వేయించాడు. తర్వాత కొరడాలతో కొట్టించడానికి వార్లతో కట్టించాడు. నేను రోమీయుణ్ణి అని పౌలు చెప్పాక అప్పుడు తెలిసింది, భయపడి మానేశాడు. చీటీలో ఈ వరస మార్చేశాడు. పెద్ద అబద్ధం కాదు, ఎవరి ప్రాణం పోలేదు. తన ఉద్యోగానికి మచ్చ రాకుండా రెండు వాక్యాలు అటూ ఇటూ చేశాడు. లూసియ అంత చెడ్డవాడు కూడా కాదు, పౌలు ప్రాణం కాపాడింది అతనే. మంచివాళ్ళు రాసే తప్పుడు రిపోర్టులు ఇలాగే ఉంటాయి.

ఇక్కడ మన సంఘంలో ప్రభుత్వ ఉద్యోగం చేసేవాళ్ళు పది పన్నెండు మంది ఉన్నారు. ఒక్క రూపాయి ముట్టనివాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళనే అడుగుతున్నాను. విచారణకు వెళ్ళకుండా, బల్ల దగ్గర కూర్చునే "స్వయంగా విచారించడమైనది" అని రాసిన కాగితాలు ఎన్ని? అర్హుడి పేరు పోయి, అనర్హుడి పేరు ఎక్కేది ఆ వాక్యంలోనే. డబ్బు చేతులు మారలేదు కాబట్టి అది అవినీతి కాదు అనుకోకండి.

ఉద్యోగులు కానివాళ్ళు నవ్వుకోనక్కర్లేదు, మీ వంతూ ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఆదాయం తగ్గించి రాయించుకున్నవాళ్ళు, స్థలం కొన్నప్పుడు దస్తావేజులో ఒక రేటు రాసి మిగతాది చేతికిచ్చినవాళ్ళు చేతులెత్తమంటే ఈ హాల్లో గాలి బాగా తగులుతుంది. (నవ్వులు) నేను ఎత్తమనడం లేదు. కానీ ఆ తప్పుడు ఆదాయపు కాగితం కావాలనుకున్న క్షణంలో, ఆఫీసరు లంచం అడిగితే ఎదిరించే నోరు మనకు పోయింది. రేపు ఆయన మీద ఫిర్యాదు చేయాలంటే మన కాగితం కూడా బయటకొస్తుంది. లంచం తీసుకునేవాళ్ళకు ఇది బాగా తెలుసు. సరైన కాగితం అడిగేవాడి కన్నా, తప్పుడు కాగితం అడిగేవాడి దగ్గర తీసుకోవడం వాళ్ళకు భద్రం.

ఉద్యోగం మానేయాలా అయ్యగారూ, ఆ కుర్చీలో ఉండి నీతిగా ఉండటం కుదరదు, పైవాళ్ళకు వాటా పంపాలి అని ఒక తమ్ముడు నాతో అన్నాడు. లూకా 3వ అధ్యాయంలో సుంకరులు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి మేమేం చేయాలి అని అడిగారు. ఆ రోజుల్లో సుంకరి అంటే జనం అసహ్యించుకునే ఉద్యోగం. మానేయండి అంటాడేమో అనుకుంటాం. అనలేదు. మీకు నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దు అన్నాడు. సైనికులు వస్తే, ఎవరినీ బెదిరించకండి, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. అంత చిన్న జవాబు. కుర్చీ వదలమనలేదు, కుర్చీలో ఉండి లెక్క సరిగ్గా చూడమన్నాడు. ఆ తమ్ముడికి నేను చెప్పింది కూడా అదే. వాటా పంపకపోతే బదిలీ చేస్తారు. చేయనీ. ఇద్దరు పిల్లల చదువు మధ్యలో బదిలీ అంటే ఏమిటో నాకు తెలుసు, అది తేలికని అనను. కానీ అలా ఒకసారి బదిలీ అయినవాడి ఇంటికి సంఘం వెళ్ళి నిలబడాలి. మనం పెళ్ళి సంబంధం చూసేటప్పుడు అబ్బాయికి జీతం ఎంత అని అడిగి ఊరుకోం, "పైన ఎంత వస్తుంది" అని అడుగుతాం. అడుగుతున్నది మనమే.

లంచం గట్టిగా అడిగితే ఏం చేయాలో కూడా చెప్తాను, చాలామందికి సినిమాల్లో చూసిందే తెలుసు. అవినీతి నిరోధక శాఖకు 1064 అని ఫోన్ నంబరు ఉంది. డబ్బు ఇచ్చాక కాదు, అడిగినప్పుడే చెప్పాలి. ముందే చెప్పి, వాళ్ళకు సాయంగా డబ్బు ఇస్తే మీ మీద నేరం ఉండదు. వాళ్ళు ముందు అది నిజమా అని చూసుకుంటారు. తర్వాత నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ అనే తెల్లటి పొడి రాస్తారు. ఆ నోట్లు ముట్టుకున్న చేతిని సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు మారతాయి. ఇదంతా మధ్యవర్తుల సమక్షంలో రాస్తారు.

కానీ రంగు మారినంత మాత్రాన కేసు నిలవదు. ఆయన "అడిగాడు" అని రుజువు కావాలి, డబ్బు దొరకడం ఒక్కటే చాలదు. కాబట్టి సాక్షి ముఖ్యం. ఏళ్ళు గడిచాక కోర్టులో చాలామంది మాట మార్చేస్తారు, ఆయన అడగలేదండీ, అప్పు తీర్చాను అంటారు. ఊరి పెద్దలు నచ్చజెప్తారు, పాపం పిల్లలున్నారు, ఉద్యోగం పోతుంది అని. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఫిర్యాదుదారు మాట మార్చినా, చనిపోయినా, మిగతా ఆధారాలను బట్టి అడిగిన సంగతి రుజువు చేయవచ్చని చెప్పింది. మంచిదే. అయినా మీలో ఎవరైనా ఫిర్యాదు చేస్తే చివరిదాకా నిలబడేలా ఆలోచించుకుని చేయండి. మధ్యలో వదిలేస్తే ఆయన మళ్ళీ అదే కుర్చీలోకి రావచ్చు, ఈసారి భయం లేకుండా.

మళ్ళీ పౌలు దగ్గరకు వస్తాను. డబ్బు ఇవ్వలేదు అంటే చేతులు ముడుచుకు కూర్చున్నాడని కాదు. ఫేలిక్సు వెళ్ళిపోయాడు, పోతూ పోతూ యూదుల మెప్పు కోసం పౌలుని బంధకాల్లోనే వదిలేశాడు. డబ్బు రాలేదు, కనీసం మంచి పేరైనా వస్తుందని! కొత్తగా ఫేస్తు వచ్చాడు. ఆయన కూడా వాళ్ళ మెప్పు కోసమే, యెరూషలేముకు వచ్చి విచారణకు నిలబడతావా అన్నాడు. అప్పుడు పౌలు, నేను కైసరు ఎదుటే, అంటే చక్రవర్తి ఎదుటే చెప్పుకుంటాను అన్నాడు. అది ప్రార్థన కాదు, రోమా పౌరుడికి చట్టం ఇచ్చిన అప్పీలు హక్కు. దానికి కూడా ఖరీదు ఉంది. తర్వాత అగ్రిప్ప రాజు విని ఏమన్నాడు? కైసరు దగ్గర చెప్పుకుంటాననకపోతే ఇతన్ని వదిలేసి ఉండొచ్చు అన్నాడు. పౌలు ఓడెక్కి, ఓడ బద్దలై, ఖైదీగానే రోము చేరాడు. కానీ ఫేలిక్సు బల్ల మీద రెండేళ్ళు కదలని ఫైలు కదిలింది, ఎవరి చేయీ తడవకుండానే.

టైమవుతోంది, ముగిస్తాను. ఈ మధ్యాహ్నం కమిటీ కూర్చుంటుంది. 2021 లెక్కల పుస్తకంలో ఆ వాక్యం కొట్టేయడం లేదు. దాని పక్కన, "ఇది రవాణా ఖర్చు కాదు, మీటరు కోసం ఇచ్చిన లంచం" అని రాసి, ఈనాటి తేదీ వేసి సంతకం పెడతాను. ఆ మూడు వేలు నా జీతంలోంచి మూడు నెలల్లో సంఘానికి తిరిగి కడతాను. ఈ నిర్ణయం కమిటీది కాదు, నాదే.

ఇంకొక ప్రకటన. వచ్చే ఆదివారం నుంచి ఆరాధన అయ్యాక వెనక వరండాలో ఒక బల్ల వేస్తాం. మన టీచరమ్మ, రిటైరైన మాస్టారు కూర్చుంటారు. ఆఫీసులో ఆగిన కాగితం ఏదైనా ఉంటే దాని రసీదు తీసుకుని రండి. రసీదు లేకపోతే ముందు అది తీసుకునే దరఖాస్తు రాసిపెడతారు. ఇంట్లో ఎవరైనా చనిపోతే, 21 రోజుల లెక్క ఇకమీదట సమాధి రోజునే నేను చెప్తాను. తప్పుడు ఆదాయం కాగితాలు మాత్రం ఆ బల్ల మీద పెట్టకండి, మాస్టారికి కళ్ళజోడు కొత్తది. (నవ్వులు)

లేచి నిలబడదాం. ప్రార్థన చేద్దాం.